పంపు ఆగిన తరువాతి ఎనిమిది సెకన్లు

శ్రోతలకు నమస్కారం. దూరం నుంచి నీటిని పంపు చేసి తెచ్చుకునే క్యాంపస్ గొట్టంలో ఉన్నట్టుండి కరెంటు పోతే లోపల ఏం జరుగుతుంది, దానిని ముందుగా ఎలా లెక్క కట్టవచ్చు, గొట్టాన్ని ఎలా కాపాడుకోవచ్చు అన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఇంజనీర్లు దీనిని వాటర్ హ్యామర్ అంటారు. ఈ మాట వినగానే గొట్టం పగిలిపోయేంత ఒత్తిడి పెరగడమే చాలామందికి గుర్తుకు వస్తుంది. కానీ పంపు నీటిని తోసే ప్రధాన గొట్టమైన పంపింగ్ మెయిన్‌లో కరెంటు పోయినప్పుడు ముందు జరిగేది ఒత్తిడి పెరగడం కాదు, పడిపోవడం. రక్షణ ఏర్పాట్లలో జరిగే పొరపాట్లు ఎక్కువగా ఈ వరుసను మరిచిపోవడం వల్లనే వస్తాయి.

విశాఖపట్నం చుట్టూ నేల సమతలం కాదు. నగరం దాటి ఆనందపురం వైపు వెళ్తే కొండలు, వాటి మధ్య మెట్టలు, వాగులు వరుసగా తగులుతాయి. అటువంటి చోట కొండవాలున ఒక క్యాంపస్ ఉందనీ, అయిదు వేల మంది నివాసులకు, తోటలకు, ప్రయోగశాలలకు కలిపి రోజుకు సుమారు 1,150 ఘనపు మీటర్ల నీరు కావాలనీ అనుకుందాం. పల్లంలో ఉన్న సంపు నుంచి రోజుకు ఎనిమిది గంటలు పంపు చేస్తే సెకనుకు 40 లీటర్లు వెళ్లాలి. అందుకోసం 250 మిల్లీమీటర్ల వ్యాసం గల డక్టైల్ ఐరన్, అంటే డి.ఐ. గొట్టాన్ని 5 కిలోమీటర్లు వేశారు. క్యాంపస్ రిజర్వాయరు సంపు కంటే 45 మీటర్ల ఎత్తులో ఉంది, గొట్టంలో రాపిడికి మరో పన్నెండున్నర మీటర్లు పోతాయి, కనుక పంపు దాదాపు 57 మీటర్ల ఒత్తిడి ఇవ్వాలి. పది మీటర్ల నీటి ఒత్తిడి అంటే పంప్ హౌస్ గేజి మీద చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో అని శ్రోతలు గుర్తుంచుకుంటే చాలు.

ఇందులో నీటి వేగం సెకనుకు 80 సెంటీమీటర్లు మాత్రమే, అంటే మనిషి నడక కంటే తక్కువ. అయితే ఆ అయిదు కిలోమీటర్ల గొట్టంలో కదులుతున్న నీటి బరువు 245 టన్నులు. కరెంటు పోతే చిన్న పంపుసెట్టు ఒకటి రెండు సెకన్లలోనే బలం కోల్పోతుంది, కానీ ఈ 245 టన్నులకు ఆ సంగతి వెంటనే తెలియదు. విశాఖ గూడ్స్ యార్డులో ఇంజను ఆగినప్పుడు వ్యాగన్లు ఒక్కసారిగా ఆగకుండా, ఒకదాని తరువాత ఒకటిగా ఆ కుదుపు అందుకోవడం చూసే ఉంటారు. నీటిలో కూడా పంపు ఆగిన వార్త ఒత్తిడి తరంగంగా ముందుకు వెళ్తుంది. ఈ మందం గల డి.ఐ. గొట్టంలో ఆ తరంగ వేగం సెకనుకు దాదాపు 1,200 మీటర్లు. హెచ్.డి.పి.ఇ. అనే ప్లాస్టిక్ గొట్టం సాగే గుణం వల్ల అందులో ఇది నాలుగో వంతుకు పడిపోతుంది.

రష్యన్ శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ మాస్కో నీటి సరఫరా గొట్టాల మీద ప్రయోగాలు చేసి 1898లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ మొదటి లెక్కకు సరిపోతుంది. నీటి వేగంలో వచ్చిన మార్పును తరంగ వేగంతో గుణించి, గురుత్వ త్వరణమైన 9.81తో భాగిస్తే ఒత్తిడిలో మార్పు మీటర్లలో వస్తుంది. మన గొట్టంలో ప్రవాహం మొత్తం హఠాత్తుగా ఆగితే అది దాదాపు 100 మీటర్లు. ఇక్కడ ఇంకొక లెక్క కూడా ముఖ్యం. తరంగం రిజర్వాయరు దాకా వెళ్లి తిరిగి పంపు వద్దకు రావడానికి పది కిలోమీటర్లు ప్రయాణించాలి, అందుకు ఎనిమిది సెకన్లకు పైగా పడుతుంది. అంటే పంపు ఆగిన తరువాత అంతసేపటి వరకు రిజర్వాయరు నుంచి ఏ సాయమూ అందదు.

ఇప్పుడు ఆ ఎనిమిది సెకన్లను చూద్దాం. పంపు ఆగగానే దాని డెలివరీ వైపు ఒత్తిడి 57 మీటర్ల నుంచి సంపు మట్టానికి దగ్గరగా పడిపోతుంది. అంతకంటే పెద్దగా పడదు, ఎందుకంటే ముందుకు పోతున్న నీరు ఆగిన పంపు గుండానే సంపు నుంచి కొంత నీటిని లాక్కుంటుంది. ఈ 57 మీటర్ల పతనం తరంగమై బయలుదేరుతుంది. మన గొట్టం 3.2 కిలోమీటర్ల వద్ద ఒక మెట్టను దాటుతుందనీ, ఆ మెట్ట మీద గొట్టం సంపు కంటే 40 మీటర్ల ఎత్తులో ఉందనీ అనుకుందాం. మామూలు రోజుల్లో అక్కడ మిగిలే ఒత్తిడి తొమ్మిదిన్నర మీటర్లే. పతనపు తరంగం మూడు సెకన్లలోపే అక్కడికి చేరి, ఉన్న తొమ్మిదిన్నర నుంచి 57 తీసివేయమంటుంది. అది జరిగే పని కాదు. వాతావరణ పీడనం కంటే పది మీటర్లు కిందికి వచ్చేసరికి నీరు మామూలు వేడిలోనే ఆవిరి కావడం మొదలుపెడుతుంది, కనుక ఒత్తిడి అక్కడితో ఆగి, మెట్ట మీద గొట్టంలో ఆవిరి నిండిన ఖాళీ ఏర్పడుతుంది.

ఆ ఖాళీకి ఎగువన, అంటే రిజర్వాయరు వైపు ఉన్న నీరు ఇంకా సెకనుకు అరమీటరుకు పైగా వేగంతో క్యాంపస్ వైపు పోతూనే ఉంటుంది. పంపు వైపు నీరు దాదాపు ఆగిపోతుంది. చేతిలెక్క ప్రకారం ఖాళీ సుమారు రెండు మీటర్ల పొడవు వరకు సాగుతుంది. తరువాత రిజర్వాయరు బరువు గెలిచి, ఆ నీటి స్తంభం వెనక్కి వచ్చి, ఆగి ఉన్న రెండో స్తంభాన్ని ఢీకొంటుంది. ఆ ఢీ వల్ల పుట్టిన 30 మీటర్ల దెబ్బ కిందికి వచ్చి, నీటిని పంపులోకి వెనక్కి రానివ్వకుండా మూసుకున్న నాన్ రిటర్న్ వాల్వు వద్ద రెట్టింపై, పంప్ హౌస్‌లో ఒత్తిడిని 90 మీటర్ల దగ్గరకు చేరుస్తుంది. నిజం చెప్పాలంటే మంచి డి.ఐ. గొట్టం ఈ ఒత్తిడిని తట్టుకుంటుంది. తట్టుకోలేనివి వేరే ఉంటాయి. శూన్యానికి జాయింట్లలోని రబ్బరు రింగులు లోపలికి జరగవచ్చు. గొట్టం మురుగు కాలువ పక్కన పోతుంటే లీకుల గుండా బయటి నీరు లోపలికి పీల్చుకోవచ్చు. మరమ్మతు చేసినప్పుడు మధ్యలో అతికించిన పలుచని పి.వి.సి. ముక్క నొక్కుకుపోవచ్చు. వంపుల దగ్గరి కాంక్రీటు దిమ్మెలు ప్రతి దెబ్బకూ కొద్దికొద్దిగా కదులుతాయి. పంపు ఆగిన కొన్ని సెకన్లకు గొట్టంలో ధన్‌మని చప్పుడు వినిపించడం, మెట్ట దగ్గరి జాయింటే మళ్లీ మళ్లీ కారడం, కరెంటు పోయిన మరుసటి పూట కుళాయిలో నీరు మట్టిరంగుగా రావడం దీనికి గుర్తులు.

పంప్ హౌస్‌లో ఉన్న సాధారణ డయల్ గేజి మీద ఇవేవీ సరిగా కనిపించవు, ఎందుకంటే సెకనులో వచ్చిపోయే దెబ్బను దాని ముల్లు అందుకోలేదు. ఒత్తిడిని సెకనుకు వంద సార్లు నమోదు చేసే ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్‌ను పంపు వద్ద ఒకటి, మెట్ట మీద ఒకటి అమర్చి, పంపును కావాలని ట్రిప్ చేసి చూస్తే అసలు రూపం తెలుస్తుంది. డిజైను దశలో అయితే గొట్టాన్ని సుమారు వంద మీటర్ల ముక్కలుగా విడదీసి, సెకనులో పన్నెండో వంతు చొప్పున కాలాన్ని జరుపుతూ, ప్రతి ముక్కలో ఒత్తిడిని, వేగాన్ని కంప్యూటరు మీద లెక్కిస్తారు. మామూలు పంపిణీ డిజైనుకు వాడే ఈపానెట్ వంటి ప్రోగ్రాం ఈ పని చేయదు, అది నిలకడ ప్రవాహానికి ఉద్దేశించినది. లెక్క ఎంత బాగున్నా గొట్టం ఎత్తుపల్లాల సర్వే తప్పయితే ఫలితం పనికిరాదు. మన ఉదాహరణలో మెట్ట మీద ఒత్తిడి మిగులు తొమ్మిదిన్నర మీటర్లే కనుక, సర్వేలో రెండు మూడు మీటర్ల తేడా కూడా తీర్పును మార్చేస్తుంది.

ఇక రక్షణ సంగతి. పంప్ హౌస్‌లో ఒక ప్రెషర్ రిలీఫ్ వాల్వు పెట్టి పని అయిపోయిందనుకోవడం తరచుగా కనిపించే ఆలోచన. ఆ వాల్వు ఒత్తిడి పెరిగినప్పుడు తెరుచుకుని నీటిని బయటికి వదులుతుంది. కానీ అప్పటికే మెట్ట మీద శూన్యం ఏర్పడి, స్తంభాలు విడిపోయి, తిరిగి ఢీకొన్నాయి. గొట్టానికి ఆ మొదటి సెకన్లలో కావలసింది నీటిని వదిలే ఏర్పాటు కాదు, నీటిని అందించే ఏర్పాటు. మెట్ట మీద ఎయిర్ వాల్వు ఉంటే గాలి లోపలికి వచ్చి శూన్యాన్ని తగ్గిస్తుంది, అది అవసరమే. అయితే సాధారణ ఎయిర్ వాల్వు పెద్ద రంధ్రం గుండా గాలిని అంతే వేగంగా బయటికి వదిలేస్తే, నీరు వచ్చి టపీమని కొట్టి కొత్త దెబ్బ పుట్టిస్తుంది. అందువల్ల గాలిని ధారాళంగా పీల్చి, నెమ్మదిగా వదిలే రకాన్ని ఎంచుకోవాలి.

మన గొట్టానికి నేను ముందుగా చూసేది ఎయిర్ వెసెల్. పంపుల నాన్ రిటర్న్ వాల్వు దాటిన వెంటనే మెయిన్‌కు కలిపిన ఉక్కు పాత్ర ఇది. పై సగంలో ఒత్తిడితో కూడిన గాలి, కింది సగంలో నీరు ఉంటాయి. పంపు ఆగగానే గాలి వ్యాకోచించి నీటిని మెయిన్‌లోకి తోస్తుంది, 245 టన్నుల నీరు మెల్లగా వేగం తగ్గించుకుంటుంది. మెట్ట మీద కనీసం రెండు మీటర్ల ధన ఒత్తిడి మిగలాలి అని పట్టుబడితే, పంపు వద్ద ఒత్తిడి 37 మీటర్ల కంటే తగ్గకూడదు. చేతిలెక్కలో అందుకు సుమారు ఒకటిన్నర ఘనపు మీటర్ల పైచిలుకు నీరు వెసెల్ నుంచి బయటికి రావాలి. మొదట నాలుగున్నర ఘనపు మీటర్ల గాలి, మొత్తం మీద ఎనిమిది ఘనపు మీటర్ల పాత్ర కావాలని తేలుతుంది. తుది పరిమాణాన్ని కంప్యూటరు లెక్కే నిర్ణయించాలి. ఇంత చిన్న పంపుకు ఇంత పెద్ద పాత్రా అని అడిగేవారు ఉంటారు. ఆ ప్రశ్నకు సమాధానం పంపులో లేదు, మెట్టలో ఉంది. గొట్టాన్ని మెట్ట పక్కగా పది మీటర్లు కిందికి తిప్పి వేయగలిగితే పాత్ర బాగా చిన్నదవుతుంది, ఇది గొట్టం వేయకముందే ఆలోచించవలసిన విషయం.

వెసెల్ పెట్టినందువల్ల ఒక కొత్త చిక్కు వస్తుంది. పంపు పక్కనే ఒత్తిడి నిండిన పాత్ర ఉంది కనుక, పంపు ఆగిన క్షణంలోనే నీరు పంపు వైపు తిరుగుతుంది. మెల్లగా మూసుకునే స్వింగ్ రకం నాన్ రిటర్న్ వాల్వు అప్పటికి సగం తెరిచే ఉండి, వెనక్కి వచ్చే నీటితో దడాలున మూసుకుంటుంది. స్ప్రింగుతో త్వరగా మూసుకునే రకం వాల్వును అక్కడ వేయడం తప్పనిసరి.

తుఫాను రోజుల్లో కరెంటు పోయి, కొన్ని సెకన్లలోనే తిరిగి వచ్చి, మళ్లీ పోవడం మన తీరంలో కొత్త కాదు. గొట్టంలో నీరు ఇంకా అటూ ఇటూ ఊగుతుండగా పంపు తనంతట తాను మొదలైతే, రెండు దెబ్బలు కలిసిపోవచ్చు. స్టార్టర్‌లో కొన్ని నిమిషాల ఆలస్యపు టైమరు పెట్టి, డెలివరీ వాల్వును మూసి ఉంచి పంపు మొదలుపెట్టి, ఆ వాల్వును ఎనిమిది సెకన్లకు ఎన్నో రెట్లు ఎక్కువ సమయంలో తెరవడం మంచిది.

చివరిగా ఆపరేటర్‌కు ఒక పని ఉంది. వెసెల్‌లోని గాలి నీటిలో కొద్దికొద్దిగా కరిగిపోతుంది. కంప్రెసర్‌తో నింపే రకమైతే గేజి గ్లాసులో నీటి మట్టాన్ని పంపు నడుస్తున్నప్పుడు ప్రతి షిఫ్టులో లాగ్ పుస్తకంలో రాయాలి. మట్టం రోజురోజుకూ పైకి జరుగుతుంటే గాలి తగ్గుతున్నట్టు. గాలిని నీటి నుంచి వేరు చేసే రబ్బరు బ్లాడర్ ఉన్న రకంలో ఆ మట్టం కనిపించదు, కనుక వెసెల్‌ను మెయిన్ నుంచి వేరు చేసి, నీరు పూర్తిగా వదిలేసి, తయారీదారు చెప్పిన గాలి ఒత్తిడి ఉన్నదో లేదో నిర్ణీత వ్యవధిలో కొలవాలి. నీరు వదలకుండా తీసుకున్న కొలత మెయిన్‌లోని ఒత్తిడినే చూపిస్తుంది, గాలి మిగిలిందో లేదో చెప్పదు.