ఇంటూ గుర్తు పెట్టిన బిల్లులు

మిత్రులారా, ఈరోజు ఒక హార్డ్‌వేర్ దుకాణం లెక్క చెబుతాను. 2024-25కు కొనుగోళ్ల రిజిస్టరులో ఉన్న పన్ను కంటే, నెలనెలా వేసే జీఎస్టీఆర్-3బి రిటర్నులో తీసుకున్న క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకున్న మొత్తం, 11,880 రూపాయలు తక్కువగా తేలింది. ఆ డబ్బు ఏ బిల్లులది?

ఇక్కడే చిక్కు. 3బిలో మనం వేసేది మొత్తమే. ఏ బిల్లుకు క్రెడిట్ తీసుకున్నామో అందులో ఎక్కడా ఉండదు. ఆ జ్ఞాపకం మన రిజిస్టరుకే ఉండాలి. అందుకే ప్రతి బిల్లు పక్కన 'ఏ నెల 3బిలో తీసుకున్నాం' అని ఒక గడి పెట్టమంటాను. అది లేకపోతే ఒకే బిల్లుకు రెండుసార్లు తీసుకునే ప్రమాదమూ ఉంది.

సరఫరాదారులు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ మనకు నెలనెలా తయారుచేసే జాబితా 2బి. ఆ దుకాణంలో గుమాస్తా ఏప్రిల్ బిల్లులను ఏప్రిల్ 2బితోనే పోల్చాడు. 46,000 రూపాయల సరుకు, 8,280 పన్ను ఉన్న ఒక బిల్లు అందులో కనిపించలేదు. ఇంటూ గుర్తు పెట్టాడు, మళ్లీ చూడలేదు. ఆ సరఫరాదారు మూడు నెలలకోసారి రిటర్ను వేసేవాడు. మధ్యలో బిల్లులు ఎక్కించే వెసులుబాటు ఉన్నా వాడుకోలేదు. జులైలో వేసిన రిటర్నుతో ఆ బిల్లు జూన్ 2బిలోకి వచ్చింది. 2బి బిల్లు తేదీని బట్టి నడవదు, సరఫరాదారు ఎక్కించిన రోజును బట్టి నడుస్తుంది.

కాబట్టి పన్నెండు నెలల 2బిలనూ ఒకే షీటులో కలిపి, తర్వాతి ఏడాది నెలలవి కూడా కింద చేర్చి పోల్చండి. పేరుతో కాదు, జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, పన్ను మొత్తంతో. మన పుస్తకంలో 'ఎస్‌/024' అని, వాళ్లది 'ఎస్24' అని ఉంటే కంప్యూటర్ రెండు వేరు బిల్లులనుకుంటుంది. గీతలు, ముందు సున్నాలు తీసేసి చూడండి. ఈ చిన్న పనికే సగం తేడాలు మాయమవడం నేను చూశాను.

మిగిలిన 3,600 సంగతి వేరు. ఆ బిల్లు ఏ 2బిలోనూ లేదు. ఫోను చేస్తే తెలిసింది, సరఫరాదారు మన నంబరు వేయకుండా మామూలు గిరాకీ అమ్మకంగా చూపించాడట. పన్ను కట్టేశాడు, కానీ 2బిలో కనిపించని బిల్లుకు 2022 జనవరి నుంచి క్రెడిట్ రాదు. ఆయన రిటర్నులో సవరించాలి. మన దగ్గర బిల్లు ఉందని వాదించి లాభం లేదు.

8,280కి ఎవరినీ అడగక్కర్లేదు. సరుకు అందింది, సొంత వాడకానిది కాదు, 180 రోజుల్లోపు డబ్బు చెల్లించారు. తర్వాతి 3బిలో 4(A)(5) వరుసలో కలపడమే. గడువు మాత్రం 2025 నవంబరు 30, వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేస్తే ఆ రోజే. ఆ దుకాణం పోలిక మొదలుపెట్టింది అక్టోబరులో. 8,280 వెంటనే వచ్చింది. 3,600 కోసం సరఫరాదారుకు రోజూ ఫోను చేస్తూ ఉండాల్సి వచ్చింది.