గ్రాట్యుటీ ఆడిట్: యాక్చువరీకి వెళ్లిన ఫైలు ఎవరు చూశారు?

[స్క్రీన్‌పై: యాక్చువరీ రిపోర్టు]

యాక్చువరీ రిపోర్టు వచ్చిందంటే గ్రాట్యుటీ పని అయిపోయిందని చాలామంది ఆడిటర్లు అనుకుంటారు. ఆ రిపోర్టునే ఒకసారి చదవండి. డేటా కంపెనీ ఇచ్చిందనీ, దాన్ని మేం ఆడిట్ చేయలేదనీ అందులో ఉంటుంది. అంటే ఆ చెకింగ్ మన నెత్తినే ఉంది.

ముందుగా, యాక్చువరీ వాడిన ఎక్సెల్ ఫైలును నేరుగా ఆయన దగ్గర్నుంచే తెప్పించుకోండి. హెచ్‌ఆర్ మనకిచ్చేది తర్వాత సరిదిద్దిన ఫైలు కావచ్చు.

ఇక తలలు లెక్కపెడదాం. ఒక ఊహా కంపెనీ తీసుకోండి.

[స్క్రీన్‌పై: 640 + 85 − 97 = 628]

2024 మార్చి 31న 640 మంది ఉన్నారు. ఏడాదిలో 85 మంది చేరారు, 97 మంది మానేశారు. 628 మంది ఉండాలి, మార్చి జీతాల పట్టీలోనూ అంతే ఉన్నారు. యాక్చువరీ ఫైల్లో మాత్రం 431 మందే. మిగతా 197 మందికి ఐదేళ్లు నిండలేదని హెచ్‌ఆర్ తీసేసింది. ఇది తరచూ కనిపించే తప్పు. చెల్లింపుకి సాధారణంగా ఐదేళ్లు కావాలి, నిజమే. కానీ ఏఎస్ 15 ప్రకారమైనా, ఇండ్ ఏఎస్ 19 ప్రకారమైనా బాధ్యత మొదటి రోజు నుంచే పేరుకుంటుంది. ఐదేళ్లలోపు ఎందరు వెళ్లిపోతారన్నది యాక్చువరీ లెక్కలోనే ఉంటుంది.

తర్వాత చేరిన తేదీలు. ఆ కాలమ్‌ని సార్ట్ చేయండి. వంద మందికి ఒకే తేదీ కనిపిస్తే, కొత్త పేరోల్ సాఫ్ట్‌వేర్‌కి మారిన రోజో, గ్రూపు కంపెనీ నుంచి బదిలీ అయిన రోజో అయ్యుంటుంది.

[స్క్రీన్‌పై: 52,000 × 15 ÷ 26 = 30,000]

బేసిక్, డీఏ కలిపి 52,000 ఉన్న ఉద్యోగికి ఏడాదికి 30,000 చొప్పున వస్తుంది. అసలు చేరింది 2009 ఆగస్టు 3 అయితే, 2025 మార్చి 31కి 15 ఏళ్లు దాటి ఆరు నెలలకు పైనే, కాబట్టి 16 ఏళ్ల లెక్క: 4,80,000. ఫైల్లో 2019 ఏప్రిల్ 1 అని పడితే ఆరేళ్లే, 1,80,000. ఇలాంటి అనుమానం వచ్చినవాళ్ల అపాయింట్‌మెంట్ లెటర్, పీఎఫ్ రికార్డు తీసి చూడండి.

ఇప్పుడు అంచనాలు. డిస్కౌంట్ రేటుని, బాధ్యత కాలవ్యవధికి సరిపడే ప్రభుత్వ బాండ్ల మార్చి 31 నాటి రాబడితో పోల్చితే చాలు. అసలు చిక్కు మిగతా రెండింట్లో, అంటే మానేసేవాళ్ల శాతంలో, జీతాల పెరుగుదలలో ఉంటుంది. మన కంపెనీలో 97 మంది మానేశారంటే సుమారు 15 శాతం. రిపోర్టులో 2 శాతం ఉంటే అది ఎక్కడిదో అడగాలి. ఒక్క ఏడాదితో తేల్చకుండా మూడు, నాలుగేళ్లు వయసులవారీగా చూడండి. ఇంక్రిమెంట్లు వరుసగా 9 శాతం ఇస్తూ రిపోర్టులో 5 శాతం పెడితే బాధ్యత తక్కువ చూపినట్టే. “యాక్చువరీయే పెట్టారు” అన్న జవాబు ఒప్పుకోకండి. ఈ అంచనాలకు బాధ్యత యాజమాన్యానిదే.

[స్క్రీన్‌పై: 2025 నవంబర్ 21]

2025-26 ఆడిట్‌లో ఇంకొకటి చూడాలి. ఈ తేదీ నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ అమల్లోకి వచ్చింది. వేతనంలోకి రాని అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని గ్రాట్యుటీ లెక్కకు తీసుకునే వేతనంలో కలపాలి. బేసిక్ తక్కువ, అలవెన్సులు ఎక్కువ ఉన్న కంపెనీలో, ఈసారి ఫైల్లోనూ పాత బేసిక్ కాలమ్ మాత్రమే కనబడితే, రిపోర్టు తీసుకోకముందే ఆ ఫైలు వెనక్కి పంపండి.