మానిటర్ ‘నో సిగ్నల్’ అంటే చెయ్యి ముందు ఎటు వెళ్లాలి?

అందరికీ నమస్కారం.

ఈరోజు ఒక్క విషయమే మాట్లాడతాను. కంప్యూటర్‌కి మానిటర్ తగిలించాం. రెండింటికీ కరెంటు ఉంది, సీపీయూలో ఫ్యాన్ తిరుగుతోంది. తెర మీద మాత్రం ‘No Signal’ అని ఒక చిన్న పెట్టె కనిపించి, కాసేపటికి అది కూడా పోయి మానిటర్ నల్లగా నిద్రపోయింది. అప్పుడు చాలామంది వెంటనే బల్ల కిందికి దూరి, చేతికందిన కేబుళ్లన్నీ ఊడదీసి మళ్లీ పెడతారు. దానికి ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది.

ఆ ‘No Signal’ అన్న అక్షరాలు ఎవరు రాశారో ఆలోచించండి. కంప్యూటర్ పంపినవి కావవి. మానిటర్ తనంతట తాను చూపిస్తోంది. అంటే తెర బాగానే ఉంది, వెనకాల వెలిగే లైటు బాగానే ఉంది, దానికి కరెంటూ సరిగ్గానే అందుతోంది. కాబట్టి మానిటర్ కాలిపోయిందేమోనన్న టెన్షన్ వద్దు. మహా అయితే వెనకున్న సాకెట్లలో ఒకటి పాడై ఉండొచ్చు. మాట మారితే మాత్రం సంగతి వేరు. ‘Out of Range’ అనో ‘Input Not Supported’ అనో వస్తే సిగ్నల్ వస్తున్నట్టే లెక్క. కంప్యూటర్ పంపే రిజల్యూషన్‌నో రిఫ్రెష్ రేటునో ఆ మానిటర్ చూపించలేకపోతోంది. అది సెట్టింగులో సరిచేసుకోవాల్సిన పని, కేబుల్ జోలికి పోనక్కర్లేదు.

ఇప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్ సంగతి. దాని మూతిలో 19 పిన్నులుంటాయి. బొమ్మను మోసేవి అన్నీ కావు. కంప్యూటర్ ఒక పిన్ను మీద 5 వోల్టులు పంపిస్తుంది. అవతల మానిటర్ ఉంటే ఇంకో పిన్ను మీద ‘ఉన్నాను’ అని జవాబిస్తుంది. అప్పుడు కంప్యూటర్ ఆ మానిటర్ ఏ రిజల్యూషన్లు చూపించగలదో దాని దగ్గరున్న చిన్న పట్టికలో చదువుకుని, తర్వాతే బొమ్మ పంపిస్తుంది. కేబుల్ ఒక్క మిల్లీమీటరు బయటికి ఉన్నా ఈ పలకరింపు మధ్యలో తెగిపోవచ్చు. చూడ్డానికి కేబుల్ పెట్టే ఉంటుంది, తెర మీద ఏమీ రాదు. ‘పెట్టాను సార్’ అన్న మాటను నేను పూర్తిగా నమ్మకపోవడానికి కారణం ఇదే.

ఇక వరుస. మొదట ఇన్‌పుట్, తర్వాత కేబుల్ రెండు కొసలు, ఆ తర్వాత సీపీయూ వెనకాల పోర్టు, చివరగా కేబుల్ మార్చడం. ఇన్‌పుట్ ముందెందుకంటే, దానికి ఏదీ ఊడదీయక్కర్లేదు. మానిటర్ అంచునో అడుగునో ఉన్న బటన్ నొక్కితే ‘Input’ లేదా ‘Source’ అన్న మెనూ వస్తుంది. మానిటర్ నిద్రలో ఉంటే ఆ మెనూ రాకపోవచ్చు, పవర్ బటన్‌తో మానిటర్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి, ‘No Signal’ కనిపిస్తున్న ఆ కొద్ది సెకన్లలోనే నొక్కండి. కేబుల్ ఏ సాకెట్‌లో ఉందో మెనూలో అదే ఎంచుకోవాలి. హెచ్‌డీఎంఐ సాకెట్లు రెండుంటే ఒకటో రెండో దాని పక్కన అంకె అచ్చు వేసి ఉంటుంది, చూడండి. చాలా మానిటర్లు సిగ్నల్ ఎటు వస్తే అటు వాటంతటవే తిరుగుతాయి. కానీ ఎవరో ఎప్పుడో ఆ ఆటో ఆప్షన్ ఆపేసి ఉండొచ్చు.

ఒక జిరాక్స్ షాపులో జరిగింది చెబుతాను. అక్కడి కంప్యూటర్‌కి పాత మానిటర్ ఉంది, ఇన్నాళ్లూ వీజీఏ కేబుల్‌తో నడిచింది. ఫొటోల పని పెరిగిందని ఓనరు గ్రాఫిక్స్ కార్డు వేయించాడు. ఆ కార్డుకి వీజీఏ లేదు, హెచ్‌డీఎంఐ ఉంది. కొత్త కేబుల్ కొనుక్కొచ్చి, పనిచేసే కుర్రాడు తగిలించాడు. నో సిగ్నల్.

ఇక్కడ తప్పులు రెండు. మానిటర్ ఇన్‌పుట్ ఇంకా వీజీఏ మీదే ఉంది. కేబుల్ రెండో కొస కార్డుకి కాకుండా మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి పెట్టి ఉంది. కుర్రాడు తెలివైనవాడే. మెనూలోకి వెళ్లి హెచ్‌డీఎంఐ ఎంచుకున్నాడు. బొమ్మ రాలేదు. ‘ఇది కాదన్నమాట’ అనుకుని మళ్లీ వీజీఏకి తిప్పేశాడు. తర్వాత కేబుల్ తీసి కార్డుకి పెట్టాడు. అప్పుడూ రాలేదు, ఎందుకంటే ఇన్‌పుట్ వెనక్కి పోయింది కదా! దాంతో కార్డే పోయిందని తేల్చారు, షాపుకి తిరిగిచ్చేద్దామనుకున్నారు.

తప్పు ఒక్కటే ఉంటే ఎటు నుంచి వెతికినా దొరుకుతుంది. రెండుంటే మాత్రం ఒకటి సరిచేసినా ఫలితం కనిపించదు. అందుకని సరైనదని తెలిసిన దాన్ని, బొమ్మ రాకపోయినా సరే, సరిగ్గానే వదిలెయ్యాలి. వెనక్కి తిప్పకూడదు.

ఆ షాపులో చిక్కు ఎలా విడిపోయిందంటే, ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐలో ఉంచి, అదే కేబుల్ సీపీయూ వైపు కొసను తీసి ఓనరు లాప్‌టాప్‌కి పెట్టారు. బొమ్మ వచ్చింది. ఆ ఒక్క పరీక్షతో ఇన్‌పుట్, కేబుల్, మానిటర్ సాకెట్ మూడూ బాగున్నాయని తేలిపోయింది. ఇక మిగిలింది సీపీయూ వెనకాల. లాప్‌టాప్ లేకపోతే టీవీ సెట్‌టాప్ బాక్సైనా ఇదే పనికొస్తుంది. లాప్‌టాప్‌తో చూసినప్పుడు బొమ్మ రాకపోతే విండోస్ కీతో పాటు P నొక్కి ‘Duplicate’ ఎంచుకున్నాకే మానిటర్‌ని అనుమానించండి.

సీపీయూ వెనక్కి తిప్పి చూస్తే, మామూలు నిలువు డబ్బాలో పైన యూఎస్‌బీ, నెట్ కేబుల్, ఆడియో సాకెట్ల గుంపు ఉంటుంది. అది మదర్‌బోర్డు. దానికి కాస్త కింద, విడిగా, అడ్డంగా ఒక వరుసలో ఉన్నవి గ్రాఫిక్స్ కార్డు సాకెట్లు. కార్డు ఉంటే కేబుల్ కింది వరుసకే పెట్టాలి. కార్డు కనబడగానే పై సాకెట్ నుంచి బొమ్మ పంపడం చాలా బోర్డులు ఆపేస్తాయి. కొన్ని ప్రాసెసర్లలో అసలు గ్రాఫిక్స్ భాగమే ఉండదు. ఇంటెల్‌లో పేరు చివర F అక్షరం ఉన్నవి అలాంటివే. వాటితో మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐ ఉట్టి కన్నమే. జిరాక్స్ షాపులో కేబుల్‌ని లాప్‌టాప్ నుంచి తీసి మళ్లీ కింది వరుసకి పెట్టి రీస్టార్ట్ చేస్తే బొమ్మ వచ్చేసింది.

కేబుళ్లలో కొన్ని మోసం చేస్తాయి. వీజీఏ మూతిలో వంగిన పిన్ను ఉంటే అది లోపమే, కానీ మధ్య వరుసలో ఒక పిన్ను అసలే లేకపోతే కంగారు పడకండి, చాలా కేబుళ్లు తయారీలోనే అలా వస్తాయి. డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్ ఒక వైపే పనిచేస్తుంది. డిస్‌ప్లేపోర్టు కొస కంప్యూటర్‌కే ఉండాలి, తిరగేసి పెడితే ఎప్పటికీ నో సిగ్నలే. టైప్-సీ అయితే ఇంకా గందరగోళం. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్, వీడియో పంపగలిగే కేబుల్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. లాప్‌టాప్ టైప్-సీ పోర్టులన్నీ బొమ్మ పంపవు కూడా.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లోపల నడుస్తోంది, బొమ్మే బయటికి రావట్లేదు. కార్డు స్లాట్‌లో సరిగ్గా కూర్చుందా, కార్డుకి విడిగా పవర్ వైరు ఇవ్వాల్సి ఉంటే ఇచ్చారా అని చూడాలి. లైటు కదలకపోతే కంప్యూటరే మొదలవలేదని అనుమానించాలి. అప్పుడు కరెంటు పూర్తిగా తీసేసి, ర్యామ్ ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టి చూడాలి.