వాసనల మాటలకు మూడు డబ్బాలు: 'పులిసిన' ఎందులో వెయ్యాలి?

(బల్ల మీద మూడు డబ్బాలు, పక్కన చీటీల కట్ట)

నమస్తే. నేను హన్మకొండ నుంచి. కొన్నాళ్లుగా వాసనల మాటలు విన్నవి విన్నట్టు చీటీల మీద రాసి మంచివి, మామూలువి, చెడ్డవి అని మూడు డబ్బాల్లో వేస్తున్నాను. పరిమళం మొదటి డబ్బా, కంపు మూడోది, వాటితో పేచీ లేదు. నన్ను ఆపింది 'పులిసిన వాసన'.

మా అమ్మమ్మ అంబలి కోసం రాత్రి జొన్నపిండి నానబెట్టి, తెల్లారి మూత తీసి వాసన చూసి "మంచిగ పులిసింది" అంటుంది. నిన్నటి పప్పు గిన్నెలో పుల్లటి వాసన తగిలితే మాత్రం "పాసిపోయింది, పారబొయ్యి". రెండు చోట్లా పులుపు సూక్ష్మజీవుల పనే, కానీ ఒకటి మనం కావాలని పులియబెట్టింది, ఇంకోటి మనకు తెలియకుండా చెడిపోయింది. అందుకే ఇప్పుడు మాట ఒక్కటే రాయట్లేదు, అది ఏ వస్తువు గురించి అన్నారో, పక్కన ఏ క్రియ వాడారో కూడా రాస్తున్నాను.

(స్క్రీన్ మీద: వస్తుంది / కొడుతుంది / గుబాళిస్తుంది)

క్రియ చాలా చెప్పేస్తుంది. మల్లెలు గుబాళిస్తాయి, బగారా అన్నం ఘుమఘుమలాడుతుంది, మోరీ కంపు కొడుతుంది. 'వస్తుంది' ఎటైనా పోతుంది, కానీ ఏ వాసనో చెప్పకుండా "నీ చొక్కా వాసన వస్తుంది" అంటే అది పొగడ్త కాదని అందరికీ తెలుసు!

మామూలు డబ్బాలో చీటీలు తక్కువ. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల దగ్గర తగిలే ఘాటు అందులోదే, అల్లం వెల్లుల్లి వేయించేటప్పటి పచ్చి వాసన కూడా. పచ్చి వాసన అంటే చెడిందని కాదు, ఇంకా వేగలేదని.

అసలు సంపద మూడో డబ్బాలో ఉంది. అన్నం, పప్పు అడుగంటితే మాడు వాసన, వెంట్రుకలు కాలితే కమురు. అన్నం కమురు వాసన అని నేనెక్కడా వినలేదు. గుడ్డు కొట్టిన గ్లాసు సరిగ్గా కడగకపోతే నీసు, పచ్చి మాంసం దగ్గర కౌసు, అయితే ఈ రెంటినీ కొందరు కలిపేస్తారు, అలాంటప్పుడు నేను సరిదిద్దను, వాళ్లు అన్నదే రాస్తాను. బియ్యం డబ్బా చాలా రోజులు మూసి ఉంచితే ముక్క వాసన. వీటిలో ఏదైనా ముదిరి ముక్కు మూసుకోవాల్సి వస్తేనే మా ఇంట్లో గబ్బు అంటారు.

మీరూ పోగుచేస్తే ఒక జాగ్రత్త. "కమురు అంటే తెలుసా" అని అడగొద్దు, అందరూ తెలుసు అనేస్తారు. కళ్లు మూసుకోమని వస్తువే ముక్కు దగ్గర పెట్టి, ఏం వాసన అని అడిగి, నోట్లోంచి వచ్చిన మొదటి మాట రాసుకోండి.

ఇక 'పులిసిన'కు రెండు చీటీలు రాశాను. అంబలిది మొదటి డబ్బాలో, పప్పుది మూడోదాంట్లో.