పై బ్యాండ్ తాకితే అమ్మేయాలా? లీనియర్ రిగ్రెషన్ ఛానెల్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు రివ్యూ లీనియర్ రిగ్రెషన్ ఛానెల్ గురించి. అమీర్‌పేటలో నా దగ్గరికి చార్టులు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది అడిగేది ఒకటే: "అన్నా, స్టాక్ పై బ్యాండ్‌ను తాకింది, ఇక పడుతుంది కదా?" ఈ వీడియో మొత్తం ఆ ఒక్క ప్రశ్న కోసమే.

ముందు ఇదేంటో చెప్తాను. స్టాక్ 100 రోజుల క్లోజింగ్ ధరలు తీసుకుని, వాటన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే ఒక సరళ రేఖ గీస్తారు. అది నడిమి గీత. ధర ఆ గీత నుంచి మామూలుగా ఎంత దూరం పోతోందో లెక్కకట్టి, దానికి రెండింతల దూరంలో పైన ఒకటి, కింద ఒకటి బ్యాండ్ పెడతారు. గిల్బర్ట్ రాఫ్ పేరుతో ఇంకో రకం ఛానెల్ ఉంది. అందులో నడిమి గీతకు అన్నిటికంటే దూరం పోయిన ధర ఎక్కడుందో అక్కడే బ్యాండ్ పెడతారు. అంటే ధర ఒకచోట బ్యాండ్‌ను తాకి తీరాల్సిందే. మీ చార్టులో ఏ రకం ఉందో సెట్టింగ్స్‌లో చూసుకోండి, ఎందుకంటే తాకడానికి అర్థం రెండింటిలోనూ ఒకటి కాదు. నేను మాట్లాడేది మొదటి రకం గురించి.

ఇప్పుడు స్క్రీన్ మీద నా ఎక్సెల్ షీట్ చూడండి. ఇది నేను లెక్క కోసం తయారు చేసుకున్న ఉదాహరణ, ఏ కంపెనీదీ కాదు. ఎ కాలమ్‌లో 1 నుంచి 100 వరకు రోజులు, బి కాలమ్‌లో క్లోజింగ్ ధరలు. రెండే ఫార్ములాలు.

```
=FORECAST(101,B2:B101,A2:A101)
=STEYX(B2:B101,A2:A101)
```

మొదటిది 101వ రోజుకి నడిమి గీత ఎక్కడుంటుందో చెప్తుంది: 520 రూపాయలు. రెండోది గీత చుట్టూ ధర మామూలుగా ఊగే దూరం: 12 రూపాయలు. దాన్ని రెండింతలు చేస్తే 24. కాబట్టి పై బ్యాండ్ 544, కింది బ్యాండ్ 496. గీత రోజుకి రూపాయి 20 పైసల చొప్పున ఎక్కుతోంది. ఈ ఎక్కే వేగాన్ని గుర్తుపెట్టుకోండి, అసలు విషయం అందులోనే ఉంది.

101వ రోజు ధర 544కి వచ్చి బ్యాండ్‌ను తాకింది. చాలామంది మనసులో ఇక్కడ ఒక బొమ్మ పడుతుంది: ధర మళ్లీ 520కి దిగుతుంది, 24 రూపాయలు పడుతుంది అని. కానీ 520 అనేది ఇవాళ్టి గీత. పది రోజుల తర్వాత గీత 532కి చేరుతుంది. అప్పుడు ధర నడిమి గీతకి తిరిగొచ్చినా పడేది 12 రూపాయలే. అదే ధర 20 రోజుల పాటు 544 దగ్గరే అటూ ఇటూ ఊగుతూ ఉండిపోయిందనుకోండి. 20 రోజుల్లో గీత 24 రూపాయలు ఎక్కి తనే 544కి వస్తుంది. ధర ఒక్క రూపాయి కూడా తగ్గకుండానే పై బ్యాండ్ నుంచి నడిమి గీతకి వచ్చేసింది!

మెట్రో స్టేషన్‌లో చూసే ఉంటారు. ఎస్కలేటర్ పక్కన మెట్ల మీద ఒకాయన గబగబా ఎక్కి, ఆయాసం వచ్చి మధ్యలో ఆగుతాడు. ఎస్కలేటర్ మీద కదలకుండా నిల్చున్న మీరు కాసేపటికి ఆయన పక్కకి వచ్చేస్తారు. ఆయన ఒక్క మెట్టు కూడా కిందికి దిగలేదు. ఎక్కే ఛానెల్‌లో పై బ్యాండ్ తాకడం చాలాసార్లు ఇలాగే తేలిపోతుంది.

నాకు ఈ సంగతి నష్టపోయాకే తెలిసింది. ఇలాగే ఎక్కుతున్న ఒక స్టాక్ బ్యాండ్‌ను తాకగానే, ఇక పడుతుందని ముందే అమ్మేసి ఫ్యూచర్స్‌లో షార్ట్ చేశాను. మూడు వారాల పాటు అది అక్కడే కూర్చుంది. తర్వాత గీత దగ్గర్నుంచి పైకి లేచింది, నా స్టాప్‌లాస్ కొట్టింది. బ్యాండ్ తప్పు చెప్పలేదు. ధర నిజంగానే గీత దగ్గరికి వచ్చింది, నాకు మాత్రం లాభం రాలేదు.

"బ్యాండ్ లోపల 95 శాతం రోజులు ఉంటుంది కదా" అని కొందరు అంటారు. ఆ లెక్క ఒక రోజుకీ ఇంకో రోజుకీ సంబంధం లేనప్పుడు చెల్లుతుంది. స్టాక్ ధర అలా ఉండదు. ఇవాళ గీతకి బాగా పైనుంటే రేపు కూడా పైనే ఉండే అవకాశం ఎక్కువ. అందుకే ఒకసారి తాకితే వరసగా నాలుగైదు రోజులు బ్యాండ్‌ను పట్టుకుని నడవడం మామూలే.

ఇక ఈ టూల్‌లో నాకు అన్నిటికంటే ఇబ్బంది అనిపించే విషయానికి వస్తాను. ఇండికేటర్‌గా పెట్టుకుంటే, కొత్త క్యాండిల్ వచ్చిన ప్రతిసారీ ఛానెల్ మొత్తం మళ్లీ గీసుకుంటుంది. మన ఉదాహరణనే ఇంకోలా నడిపిద్దాం. 544 తాకిన మర్నాడు మంచి రిజల్ట్స్ వచ్చాయి, ధర 557కి ఎగిరింది, పాత గీత కంటే 36 రూపాయలు పైనే నడుస్తూ 111వ రోజుకి 568కి చేరింది. మొదటి 100 రోజుల ఛానెల్‌ను కదలకుండా ముందుకు పొడిగిస్తే ఆ రోజు పై బ్యాండ్ 556. అంటే ధర 12 రూపాయలు బయట ఉంది, స్పష్టమైన బ్రేకౌట్. ఇప్పుడు ఇండికేటర్ లాగా చివరి 100 రోజులతో మళ్లీ లెక్కకడదాం. నడిమి గీత దాదాపు 546కి లేచింది, వెడల్పు కూడా పెరిగింది, పై బ్యాండ్ దాదాపు 575కి పోయింది. 568 బుద్ధిగా లోపల కూర్చుంది. బ్రేకౌట్ జరిగిన గుర్తే చార్టులో మిగల్లేదు.

పాత చార్టుల్లో ఈ ఛానెల్ అంత అందంగా కనిపించడానికి కారణం ఇదే. ప్రతి మలుపూ బ్యాండ్ దగ్గరే జరిగినట్టు ఉంటుంది, కానీ ఆ బ్యాండ్ మలుపు తర్వాత గీసింది. అందుకే నేను ఇండికేటర్ తీసేసి, డ్రాయింగ్ టూల్‌తో నిన్నటి క్యాండిల్ వరకే గీస్తాను, కుడివైపు పొడిగించి వదిలేస్తాను. తాకిందా లేదా అన్నది ఆ నిలబడ్డ గీతతోనే చూస్తాను. అది కూడా మధ్యాహ్నం ధర కాసేపు పోయి వెనక్కి వచ్చినప్పుడు మిగిలిన క్యాండిల్ తోకతో కాదు, మూడున్నర తర్వాతి క్లోజింగ్‌తో.

మరి పై బ్యాండ్ తాకితే నేనేం చేస్తాను? కొత్తగా కొనను, ఎందుకంటే ఆ ట్రెండ్‌లో అది ఖరీదైన చోటు. చేతిలో ఉంటే అమ్మను, స్టాప్‌లాస్‌ను నడిమి గీత కిందికి జరుపుతాను. షార్ట్ మాత్రం చేయను. క్యాష్‌లో అయితే మన మార్కెట్లో షార్ట్‌ను రాత్రి దాటించడం మామూలు ట్రేడర్‌కి కుదరదు కూడా. అదే రోజు మూసేయాలి, గీత దగ్గరికి రావడానికేమో వారాలు పడుతుంది.

ఎక్కే ఛానెల్‌లో నాకు ఎక్కువ పనికొచ్చేది కింది బ్యాండ్. అక్కడ కొంటే ధరా పైకి రావాలి, గీతా పైకే పోతోంది, కాలం మన వైపు ఉంటుంది. కానీ ట్రెండ్ చావడం కూడా అక్కడే మొదలవుతుంది. దాన్ని ఇలా గుర్తుపడతాను: ధర కింది బ్యాండ్ నుంచి లేచి నడిమి గీత దాకా వచ్చి, దాటలేక మళ్లీ దిగి, ఈసారి ఆ నిలబడ్డ బ్యాండ్ కింద క్లోజ్ అయితే, ఇంకో క్యాండిల్ కోసం చూడకుండా బయటికి వచ్చేస్తాను. ఆ సమయంలో ఇండికేటర్ పెట్టుకున్నవాళ్లకి బ్యాండ్ తనే కిందికి జరిగి, ధర ఇంకా లోపలే ఉన్నట్టు చూపిస్తూ ఉంటుంది.