బకెట్ నీళ్లు కాగడానికి ఎంత కరెంటు, ఎంత టైం: మీటర్ లైట్ లెక్కపెట్టి చూద్దాం

[కెమెరా: చీకటి, వాకిట్లో కరెంటు మీటర్. చిన్న ఎర్ర లైట్ టిక్ టిక్ మని వెలిగి ఆరుతోంది.]

ఈ ఎర్ర లైట్ చూడండి. ఈ వీడియో అంతా దీని మీదే నడుస్తుంది.

మాది నల్లగొండ దగ్గర ఊరు. జనవరిలో ఒకరోజు పొద్దున 7 గంటలకు మా అమ్మ బాత్రూం దగ్గర నిలబడి, "గీ రాడ్డు పాడైంది బిడ్డా, నీళ్లు కాగుతనే లేవు, కరెంటు మాత్రం మస్తు తాగుతుంది, కొత్తది తే" అంది. అంతకుముందు ఇరవై నిమిషాలు పట్టేది, ఇప్పుడు అరగంట దాటుతోంది, కాబట్టి బిల్లు కూడా ఒకటిన్నర రెట్లు అవుతుందని ఆమె లెక్క. వినడానికి కరెక్టే అనిపిస్తుంది. కానీ రాడ్ పడేసే ముందు ఒకసారి కొలిచి చూద్దాం అనుకున్నాను.

[కెమెరా: బకెట్, థర్మామీటర్, రాడ్.]

మాది 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్, అంచు దాకా నింపం కాబట్టి 18 లీటర్లు పడుతుంది. ట్యాంకులో రాత్రంతా ఉన్న నీళ్లు పొద్దున 20 డిగ్రీలు ఉన్నాయి. ఒంటి మీద పోసుకోవడానికి హాయిగా ఉండాలంటే 45 డిగ్రీలు చాలు, అందులోనూ కొందరు చన్నీళ్లు కలుపుకుంటారు. అంటే 18 లీటర్లను 25 డిగ్రీలు పెంచాలి.

ఒక్క నంబర్ గుర్తు పెట్టుకుంటే చాలు, 860. ఒక యూనిట్ కరెంటు 860 లీటర్ల నీళ్లను ఒక్క డిగ్రీ వేడి చేస్తుంది. కావాలంటే తిప్పి చెప్పుకోండి, 86 లీటర్లను 10 డిగ్రీలు. ఇది రాడ్ కంపెనీని బట్టో, దాని ధరను బట్టో మారదు, నీళ్ల స్వభావమే అంత. కాబట్టి లీటర్లను డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే యూనిట్లు వచ్చేస్తాయి, ఆ యూనిట్లను రాడ్ కిలోవాట్లతో భాగిస్తే టైం వస్తుంది. మా రాడ్ మీద 1500 వాట్లు అని ఉంది, అంటే 1.5 కిలోవాట్లు.

```
18 × (45 − 20) = 450
450 ÷ 860 = 0.52 యూనిట్
0.52 ÷ 1.5 = 0.35 గంట = 21 నిమిషాలు
```

అర యూనిట్ కంటే కొంచెం ఎక్కువ, 21 నిమిషాలు. ఇది కాగితం మీద లెక్క. మరి మా అమ్మకు అరగంట ఎందుకు పట్టింది?

[కెమెరా: మీటర్ మీద అచ్చు వేసిన అక్షరాలు, దగ్గరగా.]

మీ మీటర్ మీద ఇలా 3200 imp/kWh అని రాసి ఉంటుంది చూడండి, కొన్నిటి మీద 1600 అని కూడా ఉంటుంది. ఆ ఎర్ర లైట్ 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ అన్నీ ఆపేసి ఒక్క రాడ్ మాత్రమే ఆన్ చేసి, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి లైట్ ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టాలి. రాడ్ నిజంగా 1500 వాట్లు తీసుకుంటూ ఉంటే నిమిషానికి 80 సార్లు వెలగాలి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను, 58 మాత్రమే వచ్చింది. 58ని 60తో గుణించి 3200తో భాగిస్తే 1.09 కిలోవాట్లు. రాడ్ మీద 1500 అని ఉన్నా అది లాగుతున్నది 1090 వాట్లే.

రాడ్ పాడైపోయి కాదు. పొద్దున ఆ టైంలో ఊర్లో అందరూ మోటార్లు వేస్తారు, రాడ్లు పెడతారు, మా లైన్ చివర్లో వోల్టేజ్ పడిపోతుంది. 230 ఉండాల్సింది మాకు 196 దగ్గర ఉంది. వోల్టేజ్ 15 శాతమే తగ్గింది కదా, వాట్లు మాత్రం 27 శాతం ఎందుకు తగ్గాలి అంటారేమో. రాడ్ లోపల తీగ అదే కాబట్టి వోల్టేజ్ తగ్గితే దాంట్లో పారే కరెంటు కూడా అంతే తగ్గుతుంది. వాట్లు అంటే ఆ రెండింటి గుణకారం, కాబట్టి దెబ్బ రెండుసార్లు పడుతుంది. 0.85ని 0.85తో గుణించి చూడండి, 0.72 వస్తుంది. 1500లో 0.72 వంతు అంటే మనం లెక్కపెట్టిన 1090కి దగ్గరే.

సరే, మరి బిల్లు? ఆ రోజు 45 డిగ్రీలకు రావడానికి 31 నిమిషాలు పట్టింది. నిమిషానికి 58 చొప్పున 1798 సార్లు లైట్ వెలిగింది, అంటే 0.56 యూనిట్. ఆ ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు లేచి, అవే 18 లీటర్లు, అవే 20 డిగ్రీలు, అదే రాడ్ పెట్టాను. ఊరంతా నిద్రలో ఉంది, వోల్టేజ్ నిండుగా ఉంది, నిమిషానికి 79 వచ్చింది. 22 నిమిషాల్లో కాగాయి, మొత్తం 1738, అంటే 0.54 యూనిట్. టైం తేడా 9 నిమిషాలు, కరెంటు తేడా యూనిట్‌లో యాభయ్యో వంతు. ఆ కాస్త తేడా కూడా ఎందుకంటే, ఎక్కువసేపు కాగితే పైనుంచి ఆవిరిగా, బకెట్ గోడల నుంచి పోయే వేడి కొంచెం ఎక్కువ. నీళ్లు మెల్లగా కాగుతున్నాయంటే మీటర్ కూడా మెల్లగానే తిరుగుతోంది, ఇదొక్కటి అమ్మకు చూపించాలనే ఇంత లెక్కపెట్టాను.

[కెమెరా: అమ్మ చెయ్యి బకెట్ వైపు వెళ్తుంటే ఆపడం.]

ఇక్కడ ఆగండి, ఇది చాలా ముఖ్యం. రాడ్ ఆన్‌లో ఉండగా వేలు పెట్టి చూడొద్దు. రాడ్ అంటే పైన ఒక లోహపు గొట్టం, లోపల నైక్రోమ్ తీగ, రెండింటి మధ్య కరెంటును ఆపే తెల్లటి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. గొట్టానికి వెంట్రుకంత పగులు వచ్చినా నీళ్లు ఆ పొడిలోకి దిగుతాయి, అక్కడినుంచి కరెంటు బకెట్‌లోకి వస్తుంది, చూస్తే మాత్రం రాడ్ మామూలుగానే ఉంటుంది. స్విచ్ ఆపితే చాలు అని కూడా అనుకోవద్దు, పాత వైరింగ్‌లో స్విచ్ ఫేజ్‌కి బదులు న్యూట్రల్ మీద పడి ఉంటే, ఆపినా రాడ్‌లో కరెంటు ఉంటుంది. స్విచ్ ఆపాలి, ప్లగ్ పీకాలి, రాడ్‌ను నీళ్లలోనే కొద్దిసేపు చల్లారనిచ్చి బయటికి తీయాలి, అప్పుడే చెయ్యి పెట్టాలి. ఇనుప బకెట్, స్టీల్ బకెట్ అసలు వద్దు, లీకేజీ ఉంటే బకెట్టే షాక్ కొడుతుంది.

రాడ్ తీశాక ఒక మగ్గుతో అడుగు నుంచి కలపండి. నేను కలపకముందు కొలిస్తే పైన 50 డిగ్రీలు, అడుగున 31 ఉంది, కలిపాక 45కి వచ్చింది. వేడి నీళ్లు పైకే పోతాయి, రాడ్ చుట్ట కింద మూడు నాలుగు వేళ్ల లోతులో ఉన్న నీళ్లకు వేడి సరిగా అందదు. పైన ముట్టి కాగాయనుకుని స్నానానికి పోతే సగం బకెట్ తర్వాత చల్లగా తగులుతుంది, అడుగున చూసి ఇంకా కాగలేదనుకుంటే పైన ఆవిర్లు వచ్చేదాకా ఉంచి దండగ చేస్తాం.

[కెమెరా: రాడ్ మీద తెల్లటి పెచ్చు, గోరుతో గీకితే రాలుతోంది.]

మన నీళ్లకు రాడ్ మీద ఈ తెల్లటి పెచ్చు త్వరగా కడుతుంది. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ ఇది ఎక్కువగా కాల్షియం, అంటే సున్నం లాంటిదే. పెచ్చు కడితే కరెంటు ఎక్కువ కాలుతుందని చాలామంది అంటారు, రాడ్ విషయంలో అది నిజం కాదు, ఎందుకంటే రాడ్ మొత్తం నీళ్లలోనే ఉంది, దాని వేడి నీళ్లలోకి తప్ప ఎక్కడికీ పోదు. కానీ పెచ్చు వెనక గొట్టం మామూలు కంటే చాలా ఎక్కువ కాగి తొందరగా పగులుతుంది, ఇందాక చెప్పిన ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ప్లగ్ పీకిన రాడ్‌ను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో చుట్ట వరకు గంటసేపు ముంచి కడిగితే పోతుంది.

కరెంటు నిజంగా వృథా అయ్యేది ఎక్కడంటే ప్లగ్ దగ్గర. 1500 వాట్ల రాడ్ దాదాపు 6.5 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల మామూలు సాకెట్‌లోనో, సన్నటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోనో పెడితే వేడి నీళ్లలో కాకుండా ప్లగ్ దగ్గర పుడుతుంది. పది నిమిషాల తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్ పీకి దాని ప్లాస్టిక్ వెనక ముట్టి చూడండి, కాలుతూ ఉంటే ఆ సాకెట్ వద్దు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్‌కే పెట్టండి.

ఇక మా ఇంట్లో నలుగురం. రోజుకు నాలుగు బకెట్లు, ఒక్కోటి 0.56, నెలకు 67 యూనిట్లు. 2024లో వచ్చిన గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉంటేనే జీరో బిల్లు, దాటితే మొత్తానికీ కట్టాలి. ఆ 200లో మూడో వంతు స్నానాలకే పోతోంది కాబట్టి తగ్గించే దారి వెతికాను. సగం బకెట్ బాగా మరగబెట్టి చన్నీళ్లు కలుపుకుంటే మిగులుతుందా అని అమ్మ అడిగింది. లెక్క వేయండి, 9 లీటర్లను 20 నుంచి 70కి తెస్తే 9 ఇంటూ 50, మళ్లీ అదే 450. ఏమీ మిగలదు. లీటర్లు తగ్గాలి, లేదా డిగ్రీలు తగ్గాలి.

డిగ్రీలు తగ్గించే దారి మా పెరట్లోనే ఉంది. చలికాలం పొద్దున బోరు వేస్తే పైపులోంచి నీళ్లు గోరువెచ్చగా వస్తాయి కదా, భూమి లోపల రాత్రి చలి తగలదు. థర్మామీటర్ పెడితే 27 డిగ్రీలు. అవే నీళ్లు ట్యాంకులో రాత్రంతా ఉంటే 20కి దిగుతాయి, మనం మళ్లీ ఆ 7 డిగ్రీలకు కరెంటు పెడుతున్నాం. ఇప్పుడు మేం ట్యాంకు సాయంత్రం కాకుండా పొద్దున నింపుతున్నాం, నింపేటప్పుడే బకెట్లు పైపు కింద పెట్టి పట్టుకుంటున్నాం.

[కెమెరా: మీటర్, పొద్దున 7 గంటలు. పక్కన ఫోన్‌లో టైమర్.]

అదే రాడ్, అదే లో వోల్టేజ్, నిమిషానికి అదే 58. 27 నుంచి 45కి 22 నిమిషాలు పట్టింది, మొత్తం 1276 సార్లు వెలిగింది, 0.40 యూనిట్. నాలుగు బకెట్లకు నెలకు 48. కొత్త రాడ్ కొనలేదు.