ట్యూబ్ తిరిగితే సరిపోదు

అందరికీ నమస్కారం. మామోగ్రఫీలో కొత్తగా చేరిన టెక్నాలజిస్టులే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా పనిలోకి వెళ్తాను.

మామూలు మామోగ్రామ్‌లో రొమ్ము మొత్తం ఒకే బొమ్మలో పడుతుంది. పై పొర నీడ, కింది పొర నీడ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటాయి. డెన్స్ టిష్యూ ఉన్నవాళ్లలో ఈ తెల్లటి నీడల వెనక చిన్న గడ్డ దాక్కోవచ్చు. ఏ గడ్డా లేకుండానే, రెండు నీడలు కలిసి గడ్డలా కనిపించవచ్చు కూడా. టోమోసింథసిస్‌లో ట్యూబ్ చాపంలా కదులుతూ తక్కువ డోస్‌తో చాలా ఎక్స్‌పోజర్లు తీస్తుంది. మెషీన్‌ను బట్టి ఆ చాపం 15 నుంచి 50 డిగ్రీల దాకా ఉంటుంది. వాటి నుంచి కంప్యూటర్ సాధారణంగా మిల్లీమీటరుకు ఒకటి చొప్పున పొరలు కడుతుంది. నార్వేలోని ఓస్లో ట్రయల్‌లో మామూలు మామోగ్రామ్‌తో వెయ్యి మందికి 6.1 క్యాన్సర్లు దొరికితే, టోమో కూడా కలిపినప్పుడు 8.0 దొరికాయని 2013లో ప్రచురించారు. ఇది చిన్న తేడా కాదు.

అయితే టోమో విడదీయగలిగేది డిటెక్టర్ మీదకు వచ్చిన టిష్యూనే. మనం బయట వదిలేసిన దాన్ని అది తెచ్చి చూపించలేదు.

ఒక కేసు చెబుతాను. 52 ఏళ్ల ఆవిడ వేరే సెంటర్లో టోమో తీయించుకుని, రిపోర్టు నార్మల్ అని వచ్చినా మనసు ఒప్పక మా దగ్గరకు వచ్చింది. రొమ్ము లోపలి వైపు, కింద, ఛాతీకి దగ్గరగా చేతికి ఏదో తగులుతోందని చెప్పింది. బొమ్మలు తెరిచి, చనుమొన నుంచి వెనక్కి గీత గీసి కొలిచాను. పక్క నుంచి ఏటవాలుగా తీసే ఎంఎల్ఓ వ్యూలో ఛాతీ కండరం దాకా 9.6 సెంటీమీటర్లు వచ్చింది. పై నుంచి కిందికి తీసే సీసీ వ్యూలో బొమ్మ వెనక అంచు దాకా 7.9 మాత్రమే. ఈ రెండింటి మధ్య తేడా ఒక సెంటీమీటరు దాటకూడదు. ఇక్కడ 1.7 ఉంది. అంటే సీసీలో వెనక టిష్యూ తప్పిపోయింది. ఎంఎల్ఓలో ఎలాగూ లోపలి వైపే కొంత తప్పిపోతూ ఉంటుంది కాబట్టి, ఆవిడ చెప్పిన చోటు రెండు వ్యూలలోనూ పడలేదు. అరవై పొరలు తిప్పి చూసినా ఏం లాభం?

మళ్లీ తీశాం. రొమ్ము కింద మడతను చేత్తో పైకి ఎత్తి, డిటెక్టర్‌ను ఆ ఎత్తుకు తెచ్చాం. "అమ్మా, భుజం వదులుగా వదిలేయండి, ముఖం అటు తిప్పండి" అని చెప్పి, రెండు చేతులతో ముందుకు లాగి, లోపలి అంచు పూర్తిగా ప్లేటు మీదకు వచ్చాకే ప్యాడిల్ దించాం. ఈసారి సీసీలో 9.2 వచ్చింది. బొమ్మ వెనక అంచుకు ఆనుకుని, చుట్టూ ముళ్లలా గీతలున్న 8 మిల్లీమీటర్ల మచ్చ కనిపించింది. అది పొర పొరకూ స్పష్టంగా ఉంది. టోమో గొప్పతనం అప్పుడు పనికొచ్చింది.

ఇక కంప్రెషన్. నీడలను పొరలుగా విడదీసే పని మెషీనే చేస్తుంటే ఇంత నొక్కడం ఎందుకని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నొక్కితే మందం తగ్గుతుంది, దాంతో స్కాటర్, డోస్ తగ్గుతాయి. టోమోకు ఇంకో కారణం కూడా ఉంది, అది కదలిక. ట్యూబ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు పోవడానికి మెషీన్‌ను బట్టి దాదాపు నాలుగు సెకన్లు పట్టొచ్చు, ఇరవై దాటొచ్చు. అంతసేపూ రొమ్ము కదలకూడదు.

ఎంత నొక్కాలన్నది న్యూటన్ల అంకె చూసి మాత్రమే నిర్ణయించకండి. చర్మం బిగుతుగా అయిందా, వేలితో తట్టితే సొట్ట పడకుండా ఉందా చూడండి. మోటారుతో కొంత దించి, చివర్లో చేత్తో నెమ్మదిగా బిగించండి. అప్పటికే బిగుతైన రొమ్మును ఇంకా నొక్కితే మందం పెద్దగా తగ్గదు, నొప్పి మాత్రం పెరుగుతుంది. నొప్పికి పేషెంట్ వెనక్కి జరిగితే పొజిషన్ పోతుంది, వణికితే బొమ్మ పోతుంది. "గట్టిగా ఊపిరి పీల్చి ఆపండి" అనకండి. ఛాతీ పొంగి రొమ్ము జారుతుంది. "ఊపిరి ఆపండమ్మా" అంటే చాలు.

కదలికను పట్టుకోవడానికి, విడి ఎక్స్‌పోజర్లను వరసగా సినిమాలా తిప్పి చూడండి. ఒక కాల్షియం చుక్కను ఎంచుకుని దాని మీదే చూపు నిలపండి. రొమ్ము కదలకుండా ఉంటే ఆ చుక్క ట్యూబ్ కదిలే గీత వెంట తిన్నగా నడుస్తుంది. మధ్యలో పక్కకు తూలినా, గెంతినా, కదిలినట్టే. అలాంటి బొమ్మలో సన్నటి కాల్షియం చుక్కలు చెదిరిపోయి, గుంపుగా ఉన్నవి కనిపించకుండా పోతాయి. ఆవిడ బట్టలు వేసుకుని వెళ్లిపోకముందే ఇది చూడండి, ఆ వ్యూ ఒక్కటీ మళ్లీ తీయండి.